కార్ట్‌లో పెట్టి మధ్యలో ఆగిపోతున్నారా? చిన్న ఆన్‌లైన్ కొట్టుకు చెకౌట్, గుర్తుచేసే మెయిళ్ల సమగ్ర మార్గదర్శి

మాది పలాస జీడిపప్పు అమ్మే చిన్న ఆన్‌లైన్ కొట్టు. పప్పు కాశీబుగ్గ నుంచి శ్రీకాకుళం వస్తుంది. వదిన తూకం, ప్యాకింగ్ చూసుకుంటుంది. వెబ్‌సైట్, పార్సిళ్ల లెక్క నా పని. కొనేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడ పుట్టి హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడినవాళ్లు. వాళ్లకు ఉద్దానం పప్పు గురించి మేం కొత్తగా చెప్పాల్సింది లేదు. అయినా కార్ట్‌లో పెట్టినవాళ్లలో చాలామంది డబ్బు కట్టకుండానే వెళ్లిపోయేవారు. ఎందుకని చాలాకాలం ఊహిస్తూ కూర్చున్నాను. ఒకరోజు విజయనగరంలో మా పిన్ని పక్కన అరగంట కూర్చుంటే గాని సంగతి తెలియలేదు.

మాది వర్డ్‌ప్రెస్‌లో కొట్టు నడిపే వూకామర్స్ ప్లగిన్ మీద నడిచే సైట్ కాబట్టి అమరికల పేర్లు దానివే చెబుతాను. మీది వేరే వేదిక అయితే పేర్లు మారతాయి గాని పని ఇదే వరుసలో చేయండి. ముందు చెకౌట్ బాగుచేసి, ఆ తరువాతే మెయిళ్లు పెట్టండి. విరిగిన చెకౌట్‌కి మెయిల్ పంపి మనిషిని వెనక్కి పిలిస్తే, అదే గుంతలో రెండోసారి పడేసినట్టు అవుతుంది.

మొదటి మెట్టు: ఒక మనిషి కొంటుండగా పక్కన కూర్చోండి

పిన్నికి మనవడి పుట్టినరోజు లడ్డూలకు అరకిలో పప్పు కావాలట. "నాకు చెప్పకు పిన్నీ, నీ ఫోన్‌లో నువ్వే ఆర్డర్ పెట్టు, నేను చూస్తాను" అన్నాను. పప్పు ఎంచుకుని కార్ట్‌లో వేయడానికి ఆవిడకు నిమిషం కూడా పట్టలేదు. చెకౌట్ పేజీ తెరవగానే ఖాతా తెరవమని, పాస్‌వర్డ్ పెట్టమని అడిగింది.

"ఏటమ్మా, జీడిపప్పుకి కూడా పాస్‌వర్డా?"

నేనేం మాట్లాడలేదు. ఏదో ఒకటి పెట్టి కిందికి దిగింది. `First name` అన్నచోట ఇంటిపేరు రాసి, `Last name` దగ్గర కాసేపు ఆలోచించి అసలు పేరు రాసింది. `Company` కనబడగానే "నాకు కంపెనీ ఎక్కడిది?" అంటూ బాబాయి ఆఫీసు పేరు రాసింది. పిన్‌కోడ్ పెట్టెను తాకితే అక్షరాల కీబోర్డు వచ్చింది. అంకెల కోసం మీట మార్చుకుంది. అంతా అయ్యాక అడుగున మొత్తం కనబడింది.

"490 అన్నావు కదా, 580 అంటోంది. ఏటిది?"

90 రూపాయలు డెలివరీకి. ఆ ముక్క ముందు పేజీల్లో ఎక్కడా లేదు. పిన్ని ఫోన్ పక్కన పెట్టేసి, "ఒగ్గెయ్, నువ్వే తెచ్చిచ్చెయ్" అంది.

మీరు కూడా సరిగ్గా ఇదే చేయండి. మీ కొట్టు గురించి తెలియని ఇద్దరు ముగ్గురిని, వాళ్ల ఫోన్‌తో, వాళ్ల డేటాతో కొనమనండి. డబ్బు మీరు తరువాత తిరిగి ఇచ్చేయొచ్చు. చెయ్యి అడ్డం పెట్టకండి, "అక్కడ నొక్కు" అని చెప్పకండి. ఎక్కడ వేలు ఆగిందో, ఎక్కడ పైకి కిందికి జరిపి వెతుక్కున్నారో, ఏ మాట పైకి చదివారో కాగితం మీద రాసుకోండి. నా కాగితం మీద ఆ రోజు పాస్‌వర్డ్, పేరు, కంపెనీ, కీబోర్డు, డెలివరీ అని ఐదు మాటలున్నాయి. తరువాతి నెల నేను చేసిన పని చాలావరకు ఆ ఐదింటి గురించే.

రెండో మెట్టు: ఏ గుమ్మం దగ్గర ఆగుతున్నారో లెక్కపెట్టండి

కార్ట్ వదిలేసినవాళ్లందరినీ ఒకే గంపలో వేసి లెక్క చూస్తే ఏమీ తేలదు. ఆన్‌లైన్ కొట్లలో సగటున పదింట ఏడు కార్ట్‌లు ఆర్డర్ కాకుండానే పోతాయని బేమార్డ్ అనే డెన్మార్క్ పరిశోధన సంస్థ చాలా అధ్యయనాలు కూర్చి లెక్క కట్టింది. కాబట్టి మీకు 70 శాతం పోతున్నాయంటే మీరొక్కరే వెనకబడ్డారని కాదు. అసలు తెలుసుకోవాల్సింది ఎక్కడ పోతున్నారన్నది.

మూడు గుమ్మాలున్నాయి. కార్ట్ నుంచి చెకౌట్‌కు రావడం, ఫారం నింపి ఆర్డర్ బటన్ నొక్కడం, డబ్బు కట్టడం. గూగుల్ ఎనలిటిక్స్ పెట్టుకుని ఉంటే `add_to_cart`, `begin_checkout`, `purchase` అనే మూడు సంఘటనల సంఖ్యలు చూడండి. ఆర్డర్ నొక్కి డబ్బు కట్టనివాళ్లు వూకామర్స్ ఆర్డర్ల జాబితాలోనే `Pending payment`, `Failed`, `Cancelled` అన్న స్థితుల్లో దొరుకుతారు.

మార్పులకు ముందు నెల మా లెక్క ఇది. 120 కార్ట్‌లు. వాటిలో చెకౌట్ దాకా వచ్చినవి 66. ఆర్డర్ బటన్ నొక్కినవి 38. డబ్బు పడినవి 27. అంటే మొదటి గుమ్మం దగ్గర 54 మంది, ఫారం దగ్గర 28 మంది, డబ్బు దగ్గర 11 మంది ఆగిపోయారు.

నేను మొదట 54 చూసి కంగారుపడ్డాను. అది పొరపాటు చూపు. ఆ 54లో కొన్ని అసలు మనుషులవే కావు. `?add-to-cart=` అని ఉండే లింకుల వెంట సైట్లు తిరిగే బాట్లు కూడా కార్ట్ నింపేస్తాయి. తెల్లవారుజామున ప్రతి సరుకూ ఒక్కొక్కటి వేసిన కార్ట్ కనిపిస్తే అది అదే అనుకోండి. ఇంకొందరు డబ్ల్యూ240, డబ్ల్యూ320 అనే రెండు రకాలూ అరకిలో చొప్పున వేసి చూసి వెళ్లిపోయినవాళ్లు. ఆ అంకె అంటే పౌను తూకానికి ఎన్ని గుండ్లు వస్తాయన్నది. అంకె చిన్నదైతే గుండు పెద్దది. మా పేజీలో ఆ ముక్క ఎక్కడా చెప్పలేదు కాబట్టి, తేడా తెలుసుకోవడానికి పాపం కార్ట్‌నే కాగితంలా వాడుకున్నారు. రెండు రకాల ధరలు, గుండు సైజు ఒకే ఫొటోలో పక్కపక్కన చూపించగానే అలాంటి కార్ట్‌లు తగ్గాయి.

అన్నిటికన్నా విలువైనవాళ్లు ఆ 11 మంది. పేరు, చిరునామా, ఫోన్ అన్నీ ఇచ్చి, కొనాలని తీర్మానించుకుని, డబ్బు దగ్గర ఆగినవాళ్లు. తక్కువమందే గాని వెనక్కి వచ్చే అవకాశం వీళ్లకే ఎక్కువ.

మూడో మెట్టు: డెలివరీ ఖర్చు ముందే చెప్పండి

వదిలేయడానికి జనం చెప్పే కారణాల్లో మొదటిది చివర్లో కలిసే అదనపు ఖర్చే. బేమార్డ్ సర్వేల్లోనూ అదే పైన ఉంటుంది. అలాగని తక్కువ చూపించి లోపలికి లాగుదామని ఆశపడకండి. అలా మొదట ఒక ధర చూపించి చివర్లో మరో మొత్తం బయటపెట్టడాన్ని కొనేవాళ్లను తప్పుదారి పట్టించే ఎత్తుగడల మీద మన దేశంలో 2023లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు తప్పుగా చెబుతున్నాయి. మనం మోసం చేద్దామని చేయకపోయినా, పిన్నికి కనబడింది మోసంలాగే.

మేం చేసింది చాలా సులువు. ప్రతి సరుకు పేజీలో ధర కిందనే ఒక వాక్యం పెట్టాం: "డెలివరీ ఆంధ్ర, తెలంగాణలకు 70 రూపాయలు, మిగతా రాష్ట్రాలకు 110. కిలో, ఆ పైన కొంటే ఉచితం." దానికోసం ముందు బరువు మెట్లను బట్టి మారే రేట్లన్నీ తీసేసి, సగటు కట్టి రెండే రేట్లు చేశాం. కొన్ని పార్సిళ్ల మీద ఐదో పదో మాకు నష్టం వస్తుంది, కొన్నింటి మీద మిగులుతుంది. నెల చివర కొరియర్ బిల్లు, వసూలైన డెలివరీ సొమ్ము పక్కపక్కన పెట్టి చూస్తే దాదాపు సరిపోతోంది. కొనేవాళ్లకు ఒక్క వాక్యంలో చెప్పలేని రేటు ఎంత న్యాయమైనదైనా చిన్న కొట్టుకు పనికిరాదని నా అభిప్రాయం.

ఉచిత డెలివరీ హద్దు ఎక్కడ పెట్టాలన్నది మీ లాభం చూసుకుని నిర్ణయించండి. మాకు అరకిలో మీద ఉచితం ఇస్తే మిగిలేది ఏమీ లేదు. కిలో మీద ఇస్తే మిగులుతుంది. పక్క కొట్టు ఇస్తోందని చూసి పెట్టకండి.

నాలుగో మెట్టు: ఫారం కుదించండి

మొదట పాస్‌వర్డ్ తీసేయండి. `WooCommerce > Settings > Accounts & Privacy` లోకి వెళ్లి, ఖాతా లేకుండా ఆర్డర్ పెట్టనిచ్చే గెస్ట్ చెకౌట్ పెట్టెకు టిక్ పెట్టండి. ఖాతా కావాలనుకున్నవాళ్లను ఆర్డర్ అయ్యాక అడగొచ్చు.

తరువాత ప్రతి పెట్టె దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది లేకపోతే పార్సిల్ చేరదా? కంపెనీ పేరు లేకపోయినా చేరుతుంది. రెండు ముక్కల పేరు అవసరం లేదు. మన దగ్గర ఇంటిపేరు ముందు వస్తుంది, కొందరు అసలు రాయరు. "పూర్తి పేరు" అని ఒకటే పెట్టె చాలు. ఫోన్ మాత్రం ఉండి తీరాలి, డెలివరీ అబ్బాయి దారి అడిగేది దాంతోనే.

మన ఊళ్లకు చిరునామా అంటే ఇంటి నంబరు కాదు, గుర్తు. "రామాలయం వెనక వీధి", "పాత బస్టాండు ఎదురుగా టైలర్ షాపు మేడ మీద" అని రాస్తేనే పార్సిల్ చేరుతుంది. అందుకే రెండో చిరునామా పెట్టెను తీసేయకుండా "దగ్గరి గుర్తు" అని పేరు మార్చాం. పిన్‌కోడ్ కొట్టగానే ఊరు దానంతటదే నిండే ప్లగిన్ కూడా పెట్టి చూశాం. పల్లెల్లో ఒకే పిన్‌కోడ్ కింద చాలా ఊళ్లుంటాయి. తప్పు ఊరు నిండిపోయి, దాన్ని మార్చనివ్వకపోవడంతో ఇద్దరు అక్కడే ఆగారు. అలాంటిది పెడితే ఊరి పేరు దిద్దుకునే వీలు తప్పక ఉంచండి.

మెయిల్ పెట్టె, ఫోన్ పెట్టె అన్నిటికన్నా పైకి తేవాలి. మనిషి మధ్యలో ఆగినా పలకరించే దారి ఉంటుంది. పాత తరహా చెకౌట్, అంటే పేజీలో `[woocommerce_checkout]` అని ఉండేది వాడుతుంటే ఈ చిన్న కోడ్ చాలు. చైల్డ్ థీమ్ `functions.php` లోనో, కోడ్ స్నిపెట్ల ప్లగిన్‌లోనో పెట్టండి.

```php
add_filter( 'woocommerce_checkout_fields', function ( $f ) {
    unset( $f['billing']['billing_company'] );
    unset( $f['billing']['billing_last_name'] );
    $f['billing']['billing_first_name']['label'] = 'పూర్తి పేరు';
    $f['billing']['billing_first_name']['class'] = array( 'form-row-wide' );
    $f['billing']['billing_email']['priority'] = 4;
    $f['billing']['billing_phone']['priority'] = 5;
    $f['billing']['billing_postcode']['custom_attributes'] = array( 'inputmode' => 'numeric' );
    return $f;
} );
```

చివరి నుంచి మూడో వరుస పిన్ని పడ్డ కీబోర్డు కష్టం తీర్చేది. పిన్‌కోడ్ పెట్టె తాకగానే అంకెలే వస్తాయి. డెలివరీకి వేరే చిరునామా ఇచ్చే వీలు మీ దగ్గర ఉంటే, `shipping` పెట్టెలకూ ఇదే పద్ధతిలో రాసుకోవాలి.

కోడ్ పెట్టినా ఏమీ మారలేదంటే మీది కొత్త బ్లాక్ చెకౌట్ అయి ఉంటుంది. 2023 చివరి నుంచి కొత్తగా తెరిచిన కొట్లకు అదే వస్తోంది, ఈ కోడ్ దాని మీద పనిచేయదు. అక్కడ చెకౌట్ పేజీని ఎడిటర్‌లో తెరిచి, చిరునామా బ్లాక్ మీద నొక్కి, కంపెనీ వగైరా పెట్టెలను దాచేసే అమరిక పక్కన వెతకండి. కోడ్ పెట్టాక ఒక నిజమైన ఆర్డర్ కొరియర్ లేబుల్ ప్రింట్ అయ్యేదాకా నడిపి చూడండి. కొన్ని కొరియర్ ప్లగిన్లు రెండో పేరు ఖాళీగా ఉంటే లేబుల్ ఇవ్వకుండా మొరాయిస్తాయి.

ఐదో మెట్టు: డబ్బు దగ్గర ఆగినవాళ్లు ఎందుకు ఆగారో తెలుసుకోండి

ఆ 11 మందికీ నేను ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఎనిమిది మంది ఎత్తారు. ముగ్గురు చెప్పింది ఒకటే: ఇన్‌స్టాగ్రామ్‌లో మా పోస్టు చూసి అక్కడి నుంచే వచ్చారు, యూపీఐ నొక్కితే ఏ యాప్ తెరుచుకోలేదు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లోపల లింకు నొక్కితే తెరుచుకునేది వాటి సొంత బ్రౌజర్. ఫోన్‌లోని యూపీఐ యాప్‌ను పిలిచే లింకు అక్కడ చాలాసార్లు పనిచేయదు. మనం క్రోమ్‌లో పరీక్షిస్తాం కాబట్టి మనకు ఎప్పటికీ కనబడదు. మీ సొంత పోస్టు మీద నుంచి మీరే ఒకసారి కొని చూడండి. యాప్ తెరుచుకోకపోతే, చెకౌట్ పైన "డబ్బు కట్టే యాప్ రాకపోతే పైనున్న మూడు చుక్కలు నొక్కి బ్రౌజర్‌లో తెరవండి" అని ఒక వరుస రాయండి. అందంగా ఉండదు, కానీ పని జరుగుతుంది.

ఒకావిడ మాట మాత్రం నన్ను నిజంగా బాధపెట్టింది. "డబ్బు కట్టాను కదమ్మా, మళ్లీ అడుగుతారేం?" అని స్క్రీన్‌షాట్ పంపారు. నిజంగానే కట్టారు. యూపీఐ యాప్‌లో కట్టేసి, బ్రౌజర్‌కు తిరిగి రాకుండా ఫోన్ పక్కన పెట్టేశారు. మా సైట్ ఆవిడ తిరిగొస్తేనే డబ్బు పడిందని గుర్తించేలా ఉంది. ఆర్డర్ `Pending payment`లో ఉండి, తరువాత రద్దయింది. డబ్బు ఆవిడ ఖాతాలోంచి పోయింది, పప్పు రాలేదు.

దీనికి మందు వెబ్‌హుక్. డబ్బు పడగానే పేమెంట్ గేట్‌వే సర్వరే మన సైట్‌కు నేరుగా కబురు పంపుతుంది, మనిషి తిరిగొచ్చినా రాకపోయినా. గేట్‌వే డ్యాష్‌బోర్డులో వెబ్‌హుక్స్ అన్నచోట, వాళ్ల ప్లగిన్ సూచనల్లో ఇచ్చిన అడ్రసు, రహస్య కీ పెట్టాలి. పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. చిన్న ఆర్డర్ పెట్టి, యూపీఐ యాప్‌లో డబ్బు కట్టేలోపే బ్రౌజర్ మూసేయండి. రెండు మూడు నిమిషాల్లో ఆర్డర్ `Processing`కి మారితే సరే. మారకపోతే ముందు ఇది బాగుచేసుకోండి, మెయిళ్ల జోలికి అప్పుడే వెళ్లకండి. డబ్బు కట్టినవాళ్లకు "మీరు కట్టలేదు" అని మెయిల్ పంపడంకన్నా అవమానం లేదు.

క్యాష్ ఆన్ డెలివరీ పెడితే ఈ గుమ్మం దగ్గర ఆగేవాళ్లు తగ్గుతారు, నిజమే. కానీ తలుపు తీయక వెనక్కి వచ్చే పార్సిళ్లకు రానూపోనూ ఖర్చు మనదే. తినే సరుకు మళ్లీ అమ్మడం కూడా మాకు ఇష్టం లేదు. మేం ఇంతకుముందు ఒకసారైనా కొన్నవాళ్లకే ఇస్తున్నాం.

ఆరో మెట్టు: మెయిల్ ఇన్‌బాక్స్‌కు చేరేలా చూడండి

చాలా చిన్న కొట్ల మెయిళ్లు హోస్టింగ్ సర్వర్ నుంచి నేరుగా పోతాయి, స్పామ్‌లో పడతాయి. పంపినట్టు మనకు కనబడుతుంది, వాళ్లకు అందదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పంపేవాళ్ల డొమైన్‌ను గట్టిగా పరీక్షిస్తున్నాయి. ఒక మెయిల్ సేవలో ఖాతా తెరిచి, ఎస్‌ఎంటీపీ ప్లగిన్‌తో సైట్‌కు కలపండి. మెయిల్ నిజంగా మీ డొమైన్ పేరు మీదే వచ్చిందని చూపడానికి ఆ సేవ ఇచ్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు మీ డొమైన్ డీఎన్‌ఎస్‌లో చేర్చి, పక్కన డీమార్క్ రికార్డు ఒకటి పెట్టండి. `_dmarc` అనే పేరుతో టెక్స్ట్ రికార్డుగా ఇది చాలు:

```
v=DMARC1; p=none
```

ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. హోస్టింగ్ వాళ్లది పాతది ఉండగా మెయిల్ సేవది రెండోది చేరిస్తే రెండూ చెడిపోతాయి. పాతదాంట్లోనే కొత్త `include:` ముక్క కలపాలి. అయ్యాక మీ జీమెయిల్‌కు ఒక మెయిల్ పంపుకుని, కంప్యూటర్‌లో తెరిచి, మూడు చుక్కల్లో `Show original` నొక్కండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కనా `PASS` అని ఉండాలి.

పంపే అడ్రసు జవాబు రాయగలిగేదై ఉండాలి. మా మెయిళ్లకు వచ్చిన జవాబుల్లోంచే చెకౌట్ లోపాలు సగం తెలిశాయి.

ఏడో మెట్టు: రెండే మెయిళ్లు

డబ్బు దగ్గర ఆగినవాళ్ల మెయిల్, ఫారం మధ్యలో ఆగినవాళ్ల మెయిల్ ఒకటి కాదు. మొదటివాళ్లు ఆర్డర్ పెట్టారు, వాళ్ల ఆర్డర్ గురించి మనం చెప్పడం సహజం. రెండోవాళ్లు ఇంకా ఏమీ పెట్టలేదు. బటన్ నొక్కకముందే టైప్ చేసిన మెయిల్‌ను పట్టుకుని దాచే ప్లగిన్లు ఉన్నాయి. అడక్కుండా అలా దాచడం నాకు సమ్మతం కాదు. మెయిల్ పెట్టె కింద "ఆర్డర్ మధ్యలో ఆగితే నాకు గుర్తుచేయండి" అని టిక్ లేని పెట్టె ఒకటి పెట్టాం. టిక్ మనమే ముందుగా పెట్టి ఉంచకూడదు. కొనుగోలుకు సమ్మతి తీసుకునే విషయంలో 2020 ఈ-కామర్స్ నియమాలు కూడా ముందే పెట్టిన టిక్‌ను ఒప్పుకోవు. పెట్టినవాళ్లు తక్కువే, కానీ వాళ్లు మెయిల్ వస్తే విసుక్కోరు.

డబ్బు దగ్గర ఆగినవాళ్లకు ప్రత్యేక ప్లగిన్ కూడా అక్కర్లేదు. వూకామర్స్‌లో ఆ ఆర్డర్ తెరిచి, `Order actions` జాబితాలోంచి ఆర్డర్ వివరాలు కొనేవారికి పంపే పని ఎంచుకుంటే, డబ్బు కట్టే లింకుతో సహా మెయిల్ వెళ్తుంది. రోజుకు ఒకటి రెండే అయితే చేత్తో పంపడమే మేలు. ముందు గేట్‌వే డ్యాష్‌బోర్డులో డబ్బు పడలేదని చూసుకుని మరీ పంపుతారు కదా.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, నేను మూడు వారాలు అందులోనే ఉన్నాను. `WooCommerce > Settings > Products > Inventory` లో `Hold stock (minutes)` అనే అంకె మొదట 60గా ఉంటుంది. స్టాకు లెక్క ఉంచే కొట్లలో డబ్బు కట్టని ఆర్డర్ ఆ గంట దాటాక రద్దవుతుంది. మన మెయిల్ గంట తరువాత వెళ్తే, వాళ్లు లింకు నొక్కేసరికి ఈ ఆర్డర్‌కు డబ్బు కట్టలేరు అని వస్తుంది. దాన్ని 2880 చేశాం, అంటే రెండు రోజులు. ఆ రెండు రోజులూ ఆ సరుకు ఇంకొకరికి అమ్ముడుపోదు. మా దగ్గర పప్పుకు కొరత ఉండదు కాబట్టి పరవాలేదు. ఒక్కొక్కటే ఉండే చీరలు, చేతివస్తువులు అమ్మేవాళ్లు 1440 దాటకపోవడం మంచిది.

మొదటి మెయిల్ గంటకు పంపుతాం. రాత్రి పది తరువాత ఆగినవాళ్లకైతే మర్నాడు పొద్దున ఎనిమిదికి. మేం పంపేది ఇది:

విషయం: మీ అరకిలో జీడిపప్పు ఆర్డర్ ఆగింది

"నమస్కారం అండీ. మీరు పెట్టిన అరకిలో డబ్ల్యూ240 ఆర్డర్‌కు డబ్బు మాకు అందలేదు. డెలివరీతో కలిపి మొత్తం 560 రూపాయలు. కింది బటన్ నొక్కితే మీ వివరాలతో అదే ఆర్డర్ తెరుచుకుంటుంది, మళ్లీ నింపనక్కర్లేదు. మీ ఖాతాలో డబ్బు ఇప్పటికే పోయి ఉంటే మళ్లీ కట్టకండి, ఈ మెయిల్‌కు జవాబుగా చెప్పండి, మేం చూసి సరిచేస్తాం."

విషయం చిన్నగా ఉండాలి, ఫోన్ తెర మీద పొడవైనది తెగిపోతుంది. సరుకు పేరు మొదట్లోనే రావాలి. మొత్తం తప్పక చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆగిందే ఆ అనుమానంతో. చివరి వాక్యం మాత్రం ఎప్పటికీ తీసేయకండి. రెండుసార్లు కట్టేస్తామేమోనన్న భయం యూపీఐ వాడేవాళ్లకు నిజంగా ఉంటుంది.

రెండోది మర్నాడు సాయంత్రం. అందులో అమ్మే మాట ఉండదు, ఒక ప్రశ్న ఉంటుంది: "ఏదైనా ఇబ్బంది వచ్చిందా? డబ్బు కట్టడం కుదరలేదా, డెలివరీ ఆలస్యమా, పప్పు గురించి ఏమైనా అడగాలా? ఒక్క ముక్క రాయండి చాలు." మూడోది లేదు. రెండింటికీ పలకనివాళ్లు వద్దనుకున్నట్టే.

డిస్కౌంట్ కూపన్ మెయిల్లో పెట్టమని చాలామంది చెబుతారు. మేం రెండు వారాలు పెట్టి తీసేశాం. పాత కస్టమర్లే కార్ట్‌లో వేసి ఆగి, కూపన్ వచ్చాక కొనడం మొదలుపెట్టారు. అలాగే "రెండే ప్యాకెట్లు మిగిలాయి" లాంటి అబద్ధపు తొందర పెట్టకండి. పైన చెప్పిన 2023 మార్గదర్శకాల్లో అదీ ఉంది.

ఫారం మధ్యలో ఆగినవాళ్లకు పంపే లింకును మాత్రం వేరే ఫోన్‌లో తెరిచి పరీక్షించండి. కార్ట్ సంగతి బ్రౌజర్ కుకీలోనే గుర్తుంటుంది. లింకు ఊరికే కార్ట్ పేజీకి పోతే, ఆఫీసు కంప్యూటర్‌లో మొదలుపెట్టి ఇంట్లో ఫోన్‌లో మెయిల్ తెరిచినవాళ్లకు ఖాళీ కార్ట్ కనబడుతుంది. సరుకులను తిరిగి నింపే లింకు ఇచ్చే ప్లగిన్ వాడండి. ఆర్డర్ పూర్తయిన క్షణం మిగతా మెయిళ్లు ఆగిపోతున్నాయో లేదో కూడా మీ మీదే పరీక్షించుకోండి.

ఎనిమిదో మెట్టు: మెయిల్ వల్లే వచ్చాయా?

ఎంతమంది మెయిల్ తెరిచారన్న అంకెను నమ్మకండి. 2021 నుంచి యాపిల్ మెయిల్‌లో గోప్యత అమరిక పెట్టుకున్నవాళ్ల మెయిల్‌ను మనిషి చదవకపోయినా తెరిచినట్టే లెక్క వస్తుంది. ఆర్డర్లే లెక్కపెట్టండి. అందులోనూ కొందరు మెయిల్ లేకపోయినా తిరిగొచ్చేవాళ్లే. అది తెలియడానికి మేం రెండు నెలలు ఆర్డర్ నంబరు సరిసంఖ్య అయితే మెయిల్ పంపాం, బేసి అయితే పంపలేదు. పంపిన 10 మందిలో ఐదుగురు డబ్బు కట్టారు, పంపని 9 మందిలో ఇద్దరు. ఇంత చిన్న అంకెలతో గట్టిగా చెప్పలేం. మెయిల్ వల్ల పది ఆర్డర్లకు రెండో మూడో వస్తున్నాయని మాత్రం నేను లెక్కేసుకుంటున్నాను.

చెకౌట్ మార్చిన తరువాతి నెల, మెయిళ్లు ఇంకా మొదలుపెట్టకముందు, 118 కార్ట్‌లకు 39 ఆర్డర్లు పడ్డాయి. ముందు 120కి 27. ఏది ఎంత పనిచేసిందో విడదీయలేను, అన్నీ ఒకే వారంలో మార్చాను కాబట్టి. మీరు వీలైతే డెలివరీ మాట ఒక నెల, ఫారం మరో నెల మార్చండి. పండగ నెలను మామూలు నెలతో పోల్చకండి. సంక్రాంతికి ముందు మా పప్పు ఏం చేసినా చేయకపోయినా అమ్ముడవుతుంది.

చివరి పని నెలకోసారి చేసేది. ప్లగిన్ దాచిన, ఆర్డర్ కాని మెయిల్ అడ్రసులను 30 రోజులు దాటాక తీసేయండి. చాలా ప్లగిన్లలో దానంతటదే తీసేసే అమరిక ఉంటుంది. లేకపోతే నెల మొదటి రోజున చేత్తో తీసేయండి. ఆ అడ్రసులను పండగ ఆఫర్ల జాబితాలో కలపకండి. వాళ్లు ఒప్పుకున్నది ఆ ఒక్క ఆర్డర్ గుర్తుచేయడానికే.